పఠన మందిరం బొమ్మలో వెలుతురు ఎక్కడిది?

కొత్త గ్రంథాలయం కట్టాలనుకున్న చోట పునాది కంటే ముందు ఒక బొమ్మ పుడుతుంది. ఎత్తయిన పుస్తకాల అరలు, వాటి మధ్య పొడవాటి బల్లలు, పైకప్పులో గాజు పలకలు, వాటిలోంచి దిగే లేత పసుపు వెలుతురు, తల వంచుకుని చదువుకునే నలుగురైదుగురు మనుషులు. ఆర్కిటెక్టులు దీన్ని రెండర్ అంటారు. ఇలాంటి బొమ్మలు కొన్నింటిని పక్కపక్కన పెట్టి చూడండి. భవనాలు వేరు, దేశాలు వేరు, వెలుతురు మాత్రం ఒక్కటే. ఫిన్లాండ్‌లో కట్టబోయే హాలూ హైదరాబాద్‌లో కట్టబోయే హాలూ ఒకే సాయంత్రంలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది, అందులో లెక్క ఎంత, అలంకారం ఎంత, చూసేవాడు ఆ రెండింటినీ ఎలా విడదీసుకోవాలి అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం పని.

ఈ రకం బొమ్మ కంప్యూటర్ల కాలంలో పుట్టింది కాదు. 1785లో ఫ్రెంచి వాస్తుశిల్పి ఎతియెన్ లూయీ బూలే రాజుగారి గ్రంథాలయానికి ఒక పఠన మందిరం గీశాడు. అర్ధచంద్రాకారపు కప్పుతో సొరంగంలాంటి మహా మందిరం, కప్పు నడిమధ్య పొడుగ్గా తెరిచిన ఆకాశం, రెండు వైపులా మెట్లుమెట్లుగా పుస్తకాలు, కింద ప్రాచీన వేషాల్లో చిన్నచిన్న మనుషులు. ఆ హాలు ఎవరూ కట్టలేదు. అయినా రెండున్నర శతాబ్దాలుగా వాస్తు పుస్తకాల్లో అచ్చవుతూనే ఉంది. ఇవాళ్టి రెండర్లలో కనిపించే పైనుంచి దిగే వెలుతురు, అంతులేని అరలు, మనిషిని చీమను చేసే కొలత, అన్నీ అందులోనే ఉన్నాయి. లేనిదల్లా ఆ మెట్ల మీద కూర్చున్నవాడి పేజీ మీద ఎంత వెలుతురు పడుతుందన్న ఆలోచన.

ఆ ఆలోచన కట్టిన భవనాల్లో వచ్చింది. పారిస్‌లోనే ఆన్రీ లాబ్రూస్త్ రెండు పఠన మందిరాలు కట్టాడు. 1851లో తెరిచిన సెంత్ జనెవియెవ్ గ్రంథాలయంలో గోడ పొడవునా పై ఎత్తున కిటికీలు పెట్టి, కింది గోడను పుస్తకాలకు వదిలాడు. రాత్రి చదువుకు గ్యాసు దీపాలు పెట్టించాడు. 1868లో పూర్తయిన జాతీయ గ్రంథాలయపు హాలులో సన్నని 16 పోత ఇనుప స్తంభాల మీద తొమ్మిది గుమ్మటాలు నిలబెట్టి, ఒక్కో గుమ్మటం నెత్తిన ఒక గుండ్రటి గాజు కన్ను తెరిచాడు. గుమ్మటాల లోపలి వైపు తెల్లటి పింగాణీ పలకలు తాపడం చేశారు. కంటిలోంచి దిగిన వెలుతురు ఆ తెలుపు మీద పడి చెదిరి బల్లలకు చేరుతుంది. అలంకారంగా కనిపించే ఆ పలకలు నిజానికి దీపపు పని చేస్తున్నాయి.

లెక్కను అందరికంటే తేటగా చూపించింది మాత్రం ఆల్వార్ ఆల్టో. 1935లో పూర్తయిన వీపురి గ్రంథాలయం అప్పట్లో ఫిన్లాండ్‌లో ఉండేది, ఇప్పుడు రష్యాలో వీబోర్గ్ పట్టణంలో ఉంది. దాని పైకప్పులో 57 గుండ్రటి స్కైలైట్లున్నాయి, ఒక్కోటి సుమారు 1.8 మీటర్ల వెడల్పు. గాజు పైన ఉంటుంది, కింద కాంక్రీటు గరాటు. ఆ ఊళ్లో సూర్యుడు ఏడాది మొత్తంలో ఎక్కువలో ఎక్కువ 53 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ కోణంలో వచ్చిన ఎండ 1.8 మీటర్ల నోటిలోంచి దిగితే, లోతు 2.4 మీటర్లు దాటేలోపే ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. అంటే గొట్టం అంత లోతుంటే నేరుగా వచ్చే ఎండ ఏనాడూ పుస్తకం మీద పడదు. పడేదల్లా గోడలకు తగిలి మెత్తబడిన వెలుతురు. అది 57 చోట్ల నుంచి, అన్ని దిక్కుల నుంచి వస్తుంది కాబట్టి చదివేవాడి తల నీడ గానీ చేతి నీడ గానీ పేజీ మీద గట్టిగా పడదు. పాఠకుడు ఎక్కడ, ఎటు తిరిగి కూర్చున్నా చదువుకోగలగాలన్నది ఆల్టో పెట్టుకున్న షరతు. వీపురి ఫొటోలు చూస్తే బూలే బొమ్మలో ఉన్న నాటకం ఏమీ కనిపించదు. తెల్లగా, కొంచెం చప్పగా ఉంటుంది. చదవడానికి మంచి వెలుతురు ఫొటోలో చప్పగానే కనిపిస్తుంది. ఈ వ్యాసంలో మిగతా చిక్కులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఇక కంప్యూటర్ వైపు. గదిలో వెలుతురును గణించే పద్ధతులు 1980లలో మొదలయ్యాయి. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు రేడియాసిటీ అనే పద్ధతి తెచ్చారు. గోడలనూ నేలనూ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మిగతా ముక్కలకు ఎంత వెలుతురు పంపుతుందో సమీకరణాలుగా రాసి సాధించడం. మెరుపు లేని గోడలకది బాగుంటుంది, గాజుకూ మెరిసే బల్లకూ చాలదు. 1986లో జేమ్స్ కజియా ఈ రకరకాల లెక్కలన్నింటినీ ఒకే సమీకరణంగా చూపి, దాన్ని సాధించడానికి ఒక దారి చెప్పాడు. కెమెరా నుంచి గుడ్డిగా కిరణాలు వదిలి, అవి ఎక్కడెక్కడ తగిలి ఏ దీపం దగ్గర తేలతాయో చూసి సగటు తీసే ఆ పద్ధతినే పాత్ ట్రేసింగ్ అంటారు. ఇవాళ విద్యార్థులు విరివిగా వాడే బ్లెండర్‌లోని Cycles చేసేది అదే. దానికో మొండి నియమం ఉంది. బొమ్మలో గరుకుదనం సగానికి తగ్గాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి. చిన్న స్కైలైట్లతో వెలిగే పెద్ద హాలు ఈ పద్ధతికి దాదాపు శత్రువు. వదిలిన కిరణాల్లో చాలావాటికి ఆ చిన్న రంధ్రం దొరకనే దొరకదు.

ఇంకో వర్గం వేరే ప్రశ్న వేసుకుంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ తయారుచేసిన Radiance బొమ్మ అందంగా వచ్చిందా అని అడగదు, ఇక్కడ ఎన్ని లక్స్ ఉన్నాయని అడుగుతుంది. దాని బొమ్మలో ప్రతి చుక్కా ఒక కొలత. పగటి వెలుతురు మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ దాని మీదే ఆధారపడతారు. క్లయింటుకు చూపించే బొమ్మలు చేసేవాళ్లు దాని జోలికి పోరు. ఈ రెండు వర్గాలూ చాలావరకు ఒకరి బొమ్మ ఒకరు చూడకుండానే పని చేస్తున్నాయి. నా దృష్టిలో ఈ రంగంలో పెద్ద లోటు ఇదే. నిజానికి బొమ్మలు చేసేవాళ్ల పనిముట్టుతోనే Radiance అడిగే ప్రశ్నకు సరిపడా జవాబు రాబట్టవచ్చు. ఎలాగో చెప్పే ముందు ఆ పనిముట్టు ఎక్కడెక్కడ మోసం చేస్తుందో చూడాలి. పఠన మందిరం విషయంలో ముఖ్యంగా మూడు చోట్ల చేస్తుంది.

మొదటిది గాజు. స్కైలైట్‌కు మామూలు Glass BSDF పెడితే Cycles దాన్ని నీడ వేసే అడ్డుగోడగా చూస్తుంది. గాజు గుండా వంగి వెళ్లే వెలుతురును అది ఎంతో కష్టపడి, అదృష్టం మీద ఆధారపడి వెతుక్కోవాలి. హాలు చీకటిగా, తెల్లటి చుక్కలు చల్లినట్టు వస్తుంది. తెలిసినవాళ్లు Light Path నోడ్‌లో Is Shadow Ray తీసుకుని, నీడ కిరణాలకు గాజు స్థానంలో Transparent BSDF కనిపించేలా చేస్తారు. ఇంకొందరు విసిగి గాజే తీసేస్తారు. బొమ్మ వెంటనే వెలుగుతుంది. కానీ నిజం గాజు వెలుతురంతా వదలదు. రెండు పొరల గాజు, ఫ్రేములు, దాని మీద పేరుకునే దుమ్ము అన్నీ కలిసి బయటి వెలుతురులో సుమారు 60 శాతమే లోపలికి వస్తుందనుకోవడం ఉదారమైన అంచనా. మన ఊళ్లలో పైకప్పు గాజును ఏడాదికి ఎన్నిసార్లు కడుగుతారో పాఠకులకు తెలుసు. గాజు తీసేసినవాళ్లలో ఈ 40 శాతాన్ని మళ్లీ తగ్గించేవాళ్లు అరుదు.

రెండోది గోడల తెలుపు. తెల్ల సున్నం గోడ అనగానే Base Color ను పూర్తిగా 1.0 కు తోసేస్తారు. అంటే ఆ గోడ తన మీద పడిన వెలుతురులో ఒక్క కణమూ మింగదు. లోకంలో అలాంటి గోడ లేదు. కొత్తగా వేసిన మంచి తెల్ల రంగు 80 శాతం చుట్టూ తిప్పి పంపుతుంది. దానికి ఎదురు తప్పు ఇంకొకటుంది. వెలుతురు ఎన్నిసార్లు గోడకు తగిలేదాకా లెక్కించాలన్న పరిమితి Cycles లో Diffuse దగ్గర మామూలుగా 4 ఉంటుంది. దీని ప్రభావం చిన్న లెక్కతో తేలుతుంది. అన్ని వైపులా 0.8 తెలుపున్న మూసిన పెట్టెలో వెలుతురు మళ్లీమళ్లీ తగిలి చివరకు మొదటిదానికి 5 రెట్లవుతుంది. నాలుగు తగుళ్ల దగ్గర ఆపేస్తే సుమారు 3.4 రెట్లే వస్తుంది, మూడో వంతు పోయినట్టు. అదే చెక్క, పుస్తకాలు, రాతి నేల కలిసి సగటున 0.4 ఉన్న హాలులో నాలుగు తగుళ్లకే దాదాపు అంతా వచ్చేస్తుంది, పోయేది సుమారు ఒక్క శాతమే. కాబట్టి హాలు కోసం ఆ పరిమితి పెంచనక్కర్లేదు. ఆల్టో గరాటులాంటి లోతైన తెల్ల గొట్టం ఉంటే మాత్రం పెంచాల్సిందే, లేకపోతే ఆ గొట్టం బొమ్మలో అనవసరంగా మసకబారుతుంది. ఈ తేడా తెలియనివాళ్లు అన్నింటికీ 32 పెట్టి రాత్రంతా యంత్రాన్ని కాలుస్తారు, లేదా గొట్టం లోపల ఒక దొంగ దీపం దాస్తారు.

మూడోది Clamp Indirect. తెల్ల చుక్కల పీడ వదిలించడానికి, పరోక్షంగా వచ్చే వెలుతురు ఒక హద్దు దాటితే దాన్ని కత్తిరించే ఏర్పాటిది. మామూలు విలువ 10. ఎండను నిజమైన బలంతో, అంటే చదరపు మీటరుకు వెయ్యి వాట్లకు దగ్గరగా పెట్టి, కెమెరా Exposure తగ్గించుకుని పనిచేసేవాళ్లకు ఇదో గోతి. నేల మీద పడ్డ ఎండ మచ్చ నుంచి గదిలోకి తిరిగి లేచే వెలుతురు ఆ హద్దు కంటే చాలా పైన ఉంటుంది. కత్తెర పడగానే ఎండ మచ్చ అలాగే మండుతూ ఉంటుంది గానీ, దాని వల్ల వెలగాల్సిన కప్పూ అరలూ చీకట్లో మిగులుతాయి. బొమ్మ చూసి దీన్ని పసిగట్టవచ్చు. నేల మీద కళ్లు చెదిరే మచ్చ ఉండి, దానికి సరిగ్గా పైనున్న కప్పు నల్లగా ఉంటే ఎక్కడో కత్తెర పడిందనే అర్థం.

ఇక ఆ పసుపు వెచ్చదనం సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అన్ని దీపాలకూ నారింజ రంగు పూసి వెచ్చదనం వచ్చిందనుకుంటారు. వచ్చేది పాత ఫొటోకు పట్టిన జిడ్డు. నిజం హాలులో పైనుంచి వచ్చే వెలుతురు వెచ్చనిది కాదు. మబ్బు పట్టిన ఆకాశం 6500 కెల్విన్ దగ్గర, మబ్బులేని నీలాకాశం 10,000 దాటి ఉంటుంది, అంటే నీలం వైపు. వెచ్చదనం కిందనుంచి వస్తుంది, బల్లల చెక్క నుంచీ అరల చెక్క నుంచీ. టేకు చెక్క ఎరుపును 40 శాతం, నీలాన్ని 13 శాతం తిప్పి పంపుతుందనుకుందాం. ఒక్కసారి తగిలిన వెలుతురులో ఎరుపు నీలానికి మూడింతలు. అదే వెలుతురు ఇంకో అరకు తగిలితే ఎరుపు 16 శాతం, నీలం రెండు శాతం కంటే తక్కువ, అంటే తొమ్మిదింతల పైన. అందుకే అరల మధ్య సందుల్లో, బల్లల కింద, గ్యాలరీ అడుగున వెలుతురు బంగారు రంగులోకి దిగుతుంది. కప్పు దగ్గర నీలి చల్లదనం అలాగే ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడానే కన్ను వెచ్చదనంగా చదువుకుంటుంది. బల్ల దీపాలకు Blackbody నోడ్‌లో 2700 పెట్టి, ఆకాశాన్ని ఆకాశంలాగే వదిలేసి, కెమెరా తెలుపును 4500 దగ్గర నిలబెడితే చాలు, రంగు పూయాల్సిన పని ఉండదు. చెక్క రంగు మరీ గాఢంగా పెడితే మాత్రం హాలంతా ఎర్రబారుతుంది. దానికి దీపం బాధ్యత లేదు, చెక్కనే తేలిక చేయాలి.

ఇక్కడివరకు బొమ్మ బాగు గురించి. ఇప్పుడు బొమ్మ నిజం గురించి ఒక హాలు తీసుకుని చూద్దాం. హైదరాబాద్‌లో 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తున్న పఠన మందిరం అనుకోండి. కప్పులో రెండు మీటర్ల చదరపు స్కైలైట్లు ఆరు. గాజు మొత్తం 24 చదరపు మీటర్లు, నేల 288. బొమ్మలో ఆరు స్కైలైట్లు ధారాళంగా కనిపిస్తాయి, నిజానికది నేలలో పన్నెండో వంతు.

ముందు మబ్బు రోజు. బయట 10,000 లక్స్ ఉందనుకుందాం, మబ్బు రోజుకు అది వాడుకలో ఉన్న గుండ్రటి అంకె. 24 చదరపు మీటర్ల మీద పడేది 2,40,000 ల్యూమెన్లు. గాజు 60 శాతం వదులుతుంది, కప్పు మందంలోని గొట్టం అందులో సగం మింగుతుంది. హాలులోకి దిగేది 72,000. అరలూ గోడలూ తినేయగా బల్లల ఎత్తుకు సగం చేరిందనుకుంటే 36,000. దాన్ని 288తో భాగిస్తే 125 లక్స్. యూరప్ ప్రమాణం చదువుకునే చోటికి 500 లక్స్, పుస్తకాల అరలకు 200 అడుగుతుంది. మన హాలులో మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల మీద ఉన్నది అందులో నాలుగో వంతు. అయినా రెండర్‌లో ఆ హాలు దేదీప్యమానంగా ఉంటుంది. ఎందుకంటే Exposure అనే మీట ఒకటుంది. దాన్ని రెండు గీతలు పైకి జరిపితే 125 కాస్తా 500లా కనిపిస్తుంది. ప్రకాశాన్ని తెరకు సర్దే AgX, Filmic లాంటి ఏర్పాట్లు స్కైలైట్ గాజును తెల్లగా పేలిపోకుండా మెత్తగా మడిచి పెడతాయి కాబట్టి, ఎక్కడా అతి అనిపించదు. ఈ ఏర్పాట్లు తప్పని నేననను, కన్ను కూడా కొంతవరకు అదే పని చేస్తుంది. కానీ ఆ మీట జరిపిన క్షణం నుంచి ఆ బొమ్మ పేజీ మీద వెలుతురు గురించి ఏమీ చెప్పదు.

ఇప్పుడు ఎండ రోజు. వీపురిలో 53 డిగ్రీలు దాటని సూర్యుడు హైదరాబాద్‌లో మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆల్టో గరాటును ఎంత లోతు చేసినా నిట్టనిలువు ఎండను ఆపలేదు, దానికి ఎదుటి గోడ తగలనే తగలదు. లక్ష లక్స్ ఎండలో 60 శాతం దిగి, బల్ల మీద రెండు మీటర్ల చదరంలో 60,000 లక్స్ కురుస్తుంది. పక్క బల్ల మీద అందులో చిన్న భాగమే. ఒక తెల్ల పేజీ ఎండలో, ఒకటి నీడలో ఉంటే వాటి మధ్య తేడా ఎన్నో రెట్లు. అక్కడ ఎవరూ చదవలేరు. పైగా అది కదులుతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. కప్పు నుంచి బల్లకున్న ఎనిమిది మీటర్ల చిల్లర ఎత్తులో ఆ మచ్చ గంటకు రెండు మీటర్ల పైన ప్రయాణిస్తుంది. అంటే ప్రతి అరగంటకూ ఒకరు కుర్చీ మార్చుకోవాలి. మన జిల్లా గ్రంథాలయాల్లో పొద్దున తలుపు తీయగానే వచ్చి, గ్రూప్స్ పుస్తకాలు పరుచుకుని, మూసేదాకా అదే కుర్చీలో కూర్చునే కుర్రవాళ్లను ఒకసారి ఊహించుకోండి.

విచిత్రమేమిటంటే రెండర్లలో అందరికీ నచ్చేది ఆ ఎండ ధారే. స్కైలైట్ నుంచి బల్ల మీదికి వాలుగా దిగే, గాలిలో కనిపించే కాంతి స్తంభం. గాలిలో వెలుతురు కనిపించాలంటే దాన్ని చెదరగొట్టేది ఏదో గాలిలో ఉండాలి. బ్లెండర్‌లో Volume Scatter కు Density 0.01 పెడితే పది మీటర్ల దారిలో పదో వంతు కాంతి చెదిరిపోతుంది. అంత దుమ్ము ఉన్న హాలులో కాంతి స్తంభం గురించి కాక, ముందు చీపురు గురించి మాట్లాడాలి.

ఈ అక్షాంశంలో పైకప్పు వెలుతురు కావాలంటే ఉన్న దారి ఉత్తరానికి తిరిగిన నిలువు గాజు, ఫ్యాక్టరీ షెడ్ల రంపపు పళ్ల కప్పులాగా. అదీ పూర్తి రక్ష కాదు. జూన్‌లో హైదరాబాద్ సూర్యుడు మధ్యాహ్నం ఉత్తరం వైపుకు జరిగి 84 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంత నిటారు ఎండను చిన్న చూరు ఆపేస్తుంది. పొద్దున, సాయంత్రం ఈశాన్యం నుంచీ వాయవ్యం నుంచీ పల్లంగా వచ్చే ఎండకు మాత్రం నిలువు రెక్కలు కావాలి. ఇలా కట్టిన కప్పు రెండర్‌లో షెడ్డులా కనిపిస్తుందన్న భయంతో చాలా ప్రతిపాదనలు మళ్లీ అడ్డంగా పరిచిన గాజుకే వెళతాయి.

బొమ్మ చేసేవాడే తన హాలును పరీక్షించుకునే పద్ధతి ఒకటి చెబుతానన్నాను. దానికి Radiance అక్కర్లేదు. ఆకాశం స్థానంలో ఏ రంగూ లేని తెలుపు, సూర్యుడు లేకుండా. World లో Background Strength 1.0. బల్ల దీపాలన్నీ ఆపేయాలి. Base Color 0.5 ఉన్న, మెరుపు ఏమాత్రం లేని అట్టముక్కను బల్ల మీద పడుకోబెట్టి, అలాంటిదే ఇంకొకటి భవనం కప్పు మీద ఆరుబయట పెట్టాలి. రెండింటినీ రెండర్ చేసి EXR గా దాచి, అట్టల మీది విలువలు చదవాలి. PNG లో చదివితే AgX మడతలు కలిసిపోయి అంకెకు అర్థం ఉండదు. బయటి అట్ట 0.5 చూపి, లోపలిది 0.00625 చూపితే లోపలికి వస్తున్నది 1.25 శాతం. బయట 10,000 లక్స్ ఉన్న రోజున బల్ల మీద 125. ప్రమాణాల గొడవ, వాట్ల గొడవ ఏదీ లేదు, అంతా నిష్పత్తే. అట్టను హాలులో ఒకే చోట కాక స్కైలైట్ కింద ఒకటి, రెండు స్కైలైట్ల మధ్య ఒకటి, గ్యాలరీ అడుగున ఒకటి పెడితే అసలు కథ బయటపడుతుంది. మొదటిదానికీ మూడోదానికీ పదిరెట్ల తేడా రావడం సాధారణం. ఈ పద్ధతికో పరిమితి ఉంది. నిజమైన మబ్బు ఆకాశం అంచుల కంటే నడినెత్తిన ఎక్కువ ప్రకాశంగా ఉంటుంది, కాబట్టి అంతటా ఒకేలాంటి తెలుపు పెట్టినప్పుడు స్కైలైట్‌కు రావాల్సినదానికంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. తప్పు జాగ్రత్త వైపే కాబట్టి పర్వాలేదు.

పరీక్ష చేసేటప్పుడు బొమ్మను నునుపు చేసే డినాయిజర్‌ను ఆపడం మంచిది. మామూలు బొమ్మలో కూడా అది పుస్తకాల వెన్నుల మీది అక్షరాలను పాకంలా సాగదీస్తుంది. పఠన మందిరం రెండర్‌ను దగ్గరగా చూసినప్పుడు ముందు దొరికేది అదే.

పుస్తకాల సంగతి ఎత్తాం కాబట్టి అరల దగ్గర ఆగాలి. బొమ్మల్లో అరలు నేల నుంచి కప్పు దాకా పోతాయి. తొమ్మిది మీటర్ల హాలులో కిందినుంచి రెండు మీటర్లే చేతికి అందుతాయి. పైవాటికి గ్యాలరీలో నిచ్చెనలో కావాలి, వాటికి మెట్లు కావాలి, మెట్లు చోటు తింటాయి. ఈ విషయం బొమ్మలోంచి భవనంలోకి ఎలా జారుతుందో చైనాలో తియాన్‌జిన్ బిన్‌హాయ్ గ్రంథాలయం చూపించింది. డచ్ సంస్థ ఎం.వి.ఆర్.డి.వి. రూపకల్పన చేసిన ఈ భవనం 2017 అక్టోబరులో తెరుచుకుంది. మధ్యలో తెల్లటి గోళం, చుట్టూ కొండచరియల్లా అలలు తిరిగే అరలు, కప్పు దాకా పుస్తకాలు. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. తర్వాత తెలిసిందేమిటంటే పై అరల్లో ఉన్నవి పుస్తకాలు కావు, పుస్తకాల బొమ్మ అచ్చేసిన, రంధ్రాలున్న అల్యూమినియం రేకులు. పై అరలను వాటి వెనుక గదుల్లోంచి అందుకునేలా మొదట ఆలోచించారు. పని హడావుడిలో ఆ ఏర్పాటు తమ సలహాకు విరుద్ధంగా తీసేశారని ఆ సంస్థే చెప్పింది. అరలు మాత్రం బొమ్మలో ఉన్నట్టే రావాలి కాబట్టి రేకులు వచ్చాయి. నిజం హాలు రెండర్‌ను అనుకరించడం ఇంత తేటగా ఇంకెక్కడా కనిపించదు.

వెలుతురు వైపు నుంచి చూసినా ఎత్తు అరలతో ఒక చిక్కుంది. పైనుంచి దిగే వెలుతురు బల్లను వెలిగించినంత సులువుగా నిలువు వెన్నును వెలిగించదు. పై అరల ముఖాలు ప్రకాశంగా ఉంటాయి, అక్కడికి ఎవరూ చేరరు. మోకాళ్ల ఎత్తున్న అర చీకట్లో ఉంటుంది, వెన్ను మీది వర్గీకరణ అంకె కోసం వంగి చూడాల్సింది అక్కడే. పైగా పుస్తకాల వరస మొత్తంగా ముదురు రంగే, పడిన వెలుతురులో పాతిక శాతం తిరిగొస్తే ఎక్కువ. బొమ్మలు చేసేవాళ్లు ఈ చీకటిని ఇష్టపడక, తెలుపు, లేత రంగు వెన్నులున్న పుస్తకాలు పేరుస్తారు, లేదా అర అంచున సన్నటి దీపపు పట్టీ దాస్తారు. పట్టీ దాస్తే తప్పు లేదు, అది భవనం నక్షాలోనూ ఖర్చులోనూ కూడా ఉంటే. బొమ్మలో ఉండి కరెంటు డ్రాయింగులో లేని దీపాన్ని కనిపెట్టడం తేలిక. అరల కింద నీడ ఎటు పడిందో చూసి, అటు ఎదురుగా దీపం ఉందేమో వెతికితే చాలు.

ఆఖరిది రాత్రి. ఈ రకం బొమ్మల్లో సాయంత్రం ఆరు దాటదు. మన గ్రంథాలయాల్లో చాలావాటికి జనం పని వేళల తర్వాత కూడా వస్తారు, చలికాలంలో ఆరింటికే చీకటి. అప్పుడు స్కైలైట్ వెలుతురునిచ్చేది కాదు, కప్పులో ఆరు నల్లటి చదరాలు. కింది దీపాలు అందులో అద్దంలోలాగా తిరిగి కనిపిస్తాయి. తెల్ల కప్పు ఉంటే తిరిగి వచ్చే వెలుతురులో కొంత ఆ గాజులోంచి ఆకాశంలోకి పోతుంది. అప్పుడు హాలు మొత్తం బరువు బల్ల దీపాల మీద పడుతుంది. ఒక్కో కుర్చీ ముందు 400 ల్యూమెన్ల దీపం ఉండి, అందులో 60 శాతం ఒక చదరపు మీటరు బల్ల మీద పడితే 240 లక్స్. మబ్బు పగలు దీనికి పైనుంచి వచ్చే 125 కలిస్తే 365. రాత్రి ఆ 240 మాత్రమే, అరల దగ్గర ఇంకా తక్కువ. ఈ అంకెలు నచ్చకపోతే దీపాన్ని 800 చేయవచ్చు, అప్పుడు పాఠకుడి కంటికి దీపపు బుర్ర కనపడకుండా దీపం మీది గొడుగు దించాలి, బల్లకు నునుపైన పాలిష్ వద్దని వడ్రంగికి చెప్పాలి, లేకపోతే దీపం బల్లలోంచి కంట్లో పొడుస్తుంది. అందుకే బొమ్మ కొనే గ్రంథాలయ సంస్థ మధ్యాహ్నపు బొమ్మతో పాటు అదే హాలును, అదే కెమెరాతో, Exposure మీట ముట్టకుండా రాత్రి ఏడింటికి కూడా చేసిమ్మని అడగాలి. రెండో బొమ్మకు పట్టే సమయం సూర్యుణ్ని ఆపి దీపాలు వేసినంత, దాని పక్కన రెండు అట్టల విలువలు రాయడానికి ఇంకో పూట.